0.60 సెకన్లంటే ఎంత దూరం?

మన గోడపత్రిక ఆటల పేజీలో పటాలు పెరుగుతున్నాయి, సంతోషమే. కానీ వాటి కింద రాసేది మాత్రం 'జ్యోతి యర్రాజి టైమింగ్స్' అన్నంత మాటే. అది పేరు మాత్రమే. క్యాప్షన్ అంటే క్రియ ఉన్న వాక్యం కావాలని నా అభిప్రాయం.

విశాఖ అమ్మాయి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ సంగతే చూడండి. 2002లో అనురాధా బిస్వాల్ 13.38 సెకన్లతో పెట్టిన జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు నిలిచింది. 2022 మేలో సైప్రస్‌లో జ్యోతి 13.23తో దాన్ని దాటింది. అదే అక్టోబరులో మన పక్కనున్న బెంగళూరులో 12.82, 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78.

తేడా 0.60 సెకన్లు. మా అవ్వకు చెప్తే, "అంటే ఎంత దూరమే?" అంటుంది. సరైన ప్రశ్న అదే. వంద మీటర్లను 13.38తో భాగిస్తే సెకనుకు దాదాపు 7.47 మీటర్లు. దాన్ని 0.60తో గుణిస్తే సుమారు నాలుగున్నర మీటర్లు. ఒక హర్డిల్‌కూ ఇంకోదానికీ మధ్య 8.5 మీటర్లుంటుంది. ఇక క్యాప్షన్ ఇలా రాయొచ్చు: "12.78లో పరిగెత్తిన జ్యోతి గీత దాటేటప్పటికి, 13.38లో పరిగెత్తే మనిషి ఇంకా నాలుగున్నర మీటర్లు వెనకుంటుంది, అంటే రెండు హర్డిళ్ల నడిమి దూరంలో సగానికి పైనే."

పటం గీసేటప్పుడు కడ్డీలు వద్దు. సున్నా నుంచి మొదలుపెట్టి 13.38ని పది సెంటీమీటర్ల కడ్డీగా గీస్తే, 12.78 కడ్డీ నాలుగున్నర మిల్లీమీటర్లే పొట్టి. కంటికే ఆనదు. పోనీ 12.5 నుంచి మొదలుపెడదామంటే రెండో కడ్డీ మొదటిదాంట్లో మూడోవంతుకు పడిపోతుంది, అది అబద్ధం. చుక్కలు పెట్టి గీతతో కలిపితే ఈ చిక్కు లేదు. పక్కన మాత్రం 'కిందికి పోయేకొద్దీ వేగం ఎక్కువ' అని రాయాల్సిందే. లేకపోతే చూసేవాళ్లు 'అయ్యో, పడిపోతా ఉందే' అనుకుంటారు! అడుగున ఏళ్లను కూడా సరైన దూరంలో పెట్టాలి. 2002 పక్కనే 2022 పెడితే ఆ ఇరవై ఏళ్ల ఎదురుచూపు మాయమవుతుంది.

ఇంకో చుక్క ఉంది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో జ్యోతి 13.09 పరిగెత్తింది, కానీ వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. హద్దు 2.0. అందుకే రికార్డుగా లెక్కకు రాలేదు. దాన్ని తీసేయకుండా బోలు చుక్కగా పెట్టి, పక్కనే 'గాలి 2.1, హద్దు 2.0' అని రాస్తే చాలు, కథంతా తెలిసిపోతుంది.

నాలుగున్నర మీటర్లన్నది సగటు వేగం మీద కట్టిన లెక్క. ఆ రెండు పరుగులూ ఒకే ట్రాక్ మీద పక్కపక్కన జరిగినవీ కావు. కాబట్టి 'సుమారు' అన్న మాటను, చోటు చాల్లేదని ఎవరూ కొట్టేయకండి.