షట్టర్ దించినా అద్దె ఆగదు

మా బావ కూకట్‌పల్లిలో టిఫిన్ సెంటర్ కోసం షాపు చూశాడు. నెలకు 40,000 అద్దె, పది నెలల అడ్వాన్స్. ఐదేళ్ల అగ్రిమెంట్ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి, "ఓసారి చూడరా, ఎల్లుండే సంతకం" అన్నాడు.

నేను మొదట ఆగింది లాకిన్ దగ్గర. మూడేళ్లలోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలట. పైగా ఏటా 5 శాతం పెంపు. గిరాకీ లేక 14 నెలలకే మూసేశాడనుకోండి, ఇంకా 22 నెలలు మిగులుతాయి. పది నెలలకు 42,000 చొప్పున, పన్నెండు నెలలకు 44,100 చొప్పున లెక్కేస్తే 9,49,200. నాలుగు లక్షల అడ్వాన్స్ పోగా ఇంకా ఐదున్నర లక్షలు బాకీ! ఓనర్ షాపును వెంటనే వేరేవాళ్లకు ఇచ్చేస్తే అంత నష్టం వచ్చిందని కోర్టులో చూపించడం కష్టమే. కానీ అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంటుంది, తిరగాల్సింది మనం.

అదే కాగితంలో ఓనర్ మాత్రం రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా ఖాళీ చేయించొచ్చు. అంటే లాకిన్ బావకే, ఆయనకు లేదు. ఇంటీరియర్‌కు లక్షలు పోశాక ఆ నోటీసు వస్తే ఏం చేస్తాం?

మధ్యలో బయటపడే దారి ఒకటుంది: మన బదులు ఇంకొకరిని షాపులో పెట్టడం. అగ్రిమెంట్‌లో వద్దని రాయకపోతే చట్టం సబ్‌లీజుకు ఒప్పుకుంటుంది. ఇందులో వద్దనే రాశారు. పార్ట్‌నర్‌ని చేర్చుకున్నా సబ్‌లీజు కిందే లెక్కట, అలా చేస్తే ఖాళీ చేయించొచ్చట.

ఇంకోటి, ఈ అగ్రిమెంట్‌ను నోటరీతో సరిపెడదామన్నారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి. కాకపోతే ఐదేళ్ల హామీ కోర్టులో నిలవదు. సాధారణంగా దాన్ని నెలవారీ అద్దెగానే చూస్తారు, 15 రోజుల నోటీసుతో ముగించొచ్చు. అయితే ఎలాంటి లీజైనా, కోర్టుకు వెళ్లకుండా ఓనర్ తనంతట తాను తాళం వేసేయకూడదు.

బావ నాలుగు అడిగాడు. తనకు లాకిన్ 12 నెలలే ఉండాలి, ఆ తర్వాత మూడు నెలల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఓనర్‌కు లాకిన్ ఐదేళ్లు. కొత్త అద్దెదారును తెస్తే సరైన కారణం లేకుండా కాదనకూడదు. అద్దె ఆలస్యమైతే ముందు నోటీసిచ్చి 30 రోజులు టైమివ్వాలి. వీటితోపాటు ఏటా 5 శాతం బదులు మూడేళ్లకోసారి 15 శాతం పెంచమన్నాడు. ఐదేళ్లలో లక్షకు పైగా మిగిలేది.

పెంపు దగ్గర ఓనర్ కదల్లేదు. మిగతా నాలుగూ రాయించుకుని, రిజిస్టర్ చేయించాకే బావ అడ్వాన్స్ కట్టాడు.