పొట్టితనం పోలికే అనుకుంటే

సీలియాక్ జబ్బు పిల్లల్లో ఎప్పుడూ విరేచనాలతోనే బయటపడదు. కొందరిలో చాలాకాలం కనిపించే గుర్తు ఒక్కటే, ఎదుగుదల మందగించడం. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ తగిలినప్పుడల్లా ఒళ్ళు తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి నూగు అరిగిపోయి, తిన్నది ఒంటబట్టదు. చోడవరం వైపు ఈ సంగతి చెవికెక్కనివ్వని మాట ఒకటుంది: "అన్నం తినేవాళ్ళకి గోధుమ జబ్బేటి?"

2016లో వెలువడిన అధ్యయనం ఈ మాటకు ఊతమిచ్చింది. ఉత్తరాది పెద్దల్లో నూటికి ఒకరికి మించి, దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉన్నట్టు తేల్చింది. అందులోని రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. జబ్బుకు దారితీసే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా కంచంలో ఉంది: అక్కడ రోజుకు 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25. ఇప్పుడు చోడవరంలో పొద్దున్న గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ. అంగన్‌వాడీ బాలామృతంలోనూ గోధుమే ముఖ్యం. అన్నం తినే ఇల్లన్న ధీమా ఎందుకో!

అంతకంటే విడ్డూరం మాల్టు పొడి. పిల్ల ఎదగడం లేదనగానే ఇంట్లోకి డబ్బా వస్తుంది. మాల్టంటే సాధారణంగా మొలకెత్తించిన బార్లీ. చాలా పొడుల్లో గోధుమ కూడా కలుస్తుంది. సీలియాక్ ఉన్న పిల్లకు అది రోజుకు రెండు గ్లాసుల జబ్బు. బలం పేరుతో ఇంత అన్యాయమైన అమ్మకం మరొకటి లేదు.

"వాళ్ళ నాన్నా పొట్టే" అన్నది ఇంకో తీర్పు. గోడ మీద గీతలు చాలు దాన్ని పరీక్షించడానికి. నాలుగేళ్ళకు 99 సెంటీమీటర్లున్న పిల్ల ఐదుకు 104, ఆరుకు 107, ఏడుకు 109 అయిందనుకుందాం. పోలికతో పొట్టిగా ఉన్న పిల్ల ఈ వయసులో ఏటా ఐదు సెంటీమీటర్లకు అటూఇటూ పెరుగుతూనే ఉంటుంది. ఈ పిల్ల పెరుగుదల మూడుకు, రెండుకు పడిపోయింది. ఇనుము సిరప్ నెలల తరబడి పోసినా రక్తహీనత తగ్గకపోతే అనుమానం గట్టిపడాలి. ఇనుమును పీల్చుకునే చోటే పేగు ఎక్కువగా దెబ్బతింటుంది. బరువు ముందు తగ్గి, ఎత్తు తరువాత ఆగడం పేగు జబ్బుల తీరు. ఒళ్ళు నిండుగా ఉండి ఎత్తొక్కటే ఆగితే థైరాయిడ్ వంటివి చూడాలి. మూత్రపిండాల జబ్బులూ ఇలాగే నక్కి ఉంటాయి.

సీలియాక్ అనుమానం వస్తే టీటీజీ రక్తపరీక్ష, దానితోపాటు మొత్తం ఐజీఏ చూస్తారు. ఐజీఏ తక్కువగా ఉంటే మొదటిది తప్పుగా బాగుందని చెప్పొచ్చు. అవసరమైతే పేగు ముక్క తీసి చూస్తారు. ఎవరో చెప్పారని ముందే గోధుమ మాన్పిస్తే పరీక్షలు జబ్బును పట్టలేవు. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా పిల్ల గోధుమ తింటూనే ఉండాలి. జబ్బు తేలాక గ్లూటెన్ ఉన్నవన్నీ బతికినంతకాలం మానాలి.