జలత్వం: లక్షణమా, స్వరూపమా?

ప్రాచ్యకళాశాలల్లో తర్కసంగ్రహాన్ని బోధించేటప్పుడు జలలక్షణం వద్ద ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. శీతస్పర్శ కలది జలమని అన్నంభట్టు లక్షణం చెప్పినాడు. రసాయనశాస్త్రం H₂O అంటున్నది. ఈ రెండింటికీ పొత్తు ఎట్లు? చాలమంది అధ్యాపకులు చెప్పే సమాధానం ఒకటే: "శాస్త్రంలోని అప్పు వేరు, ప్రయోగశాలలోని నీరు వేరు." ఈ సమాధానం సులభమైనదే కాని సమంజసమైనది కాదని నా అభిప్రాయం.

1970లో ప్రిన్స్‌టన్‌లో చేసిన ఉపన్యాసాలలో సాల్ క్రిప్కీ నామాలను గూర్చి ఒక సిద్ధాంతం ప్రతిపాదించినాడు. ఒక పదార్థం ఏయే సంభావ్యలోకాలలో ఉన్నదో అన్నింటా ఆ పదార్థాన్నే చెప్పే పదం స్థిరవాచకం. పెనుకొండనే తీసుకొందము. 1565 నాటి యుద్ధానంతరం విజయనగర రాజధాని అక్కడికి మారింది. అట్లు మారకపోయినా పెనుకొండ పెనుకొండయే. కాని "1565 తరువాతి విజయనగర రాజధాని" అన్న వర్ణన అప్పుడు మరొక ఊరికి చెల్లి ఉండేది. కనుక పేరు స్థిరం, వర్ణన అస్థిరం. ధర్మాంబ పేరు మీదుగా ధర్మవరం వెలసిందని ఐతిహ్యం. ఆ ఐతిహ్యం రేపు తప్పని తేలినా ధర్మవరం అనే పదం ఆ ఊరినే చెప్తుంది.

ఇక ఘనగిరి అన్నా పెనుకొండ అన్నా ఒక్కటే. ఈ సంగతి కేవలం పదాలను విచారిస్తే తెలియదు. శాసనాలు చూచి, స్థలం పోల్చి తెలిసికోవలెను. తెలిసిన పిమ్మట మాత్రం అది అన్యథా ఉండజాలదు, ఒకే వస్తువు తనకంటె వేరు కాజాలదు గనుక. అనుభవం చేతనే తెలిసే అవశ్యసత్యం అంటే ఇదే. క్రిప్కీ జలాన్ని గూర్చి కూడ ఇట్లే వాదించినాడు. ఇందులో రెండు అంశాలున్నవి. ద్రవ్యానికి వాస్తవంగా ఏ నిర్మాణం ఉన్నదో అది లేనిచో ఆ ద్రవ్యమే కాదు అన్నది విచారణ వల్ల వచ్చేది. జలనిర్మాణం ఫలానా అన్నది ప్రయోగం వల్ల వచ్చేది. 1783లో లవాజియే రెండు వాయువులను మండించి నీటిని పుట్టించి, జలం మూలద్రవ్యం కాదని నిరూపించినాడు. ఈ రెండు అంశాలూ కలిస్తే జలం H₂O అన్నది అవశ్యసత్యమవుతుంది.

ఇప్పుడు మన లక్షణాన్ని పరీక్షింతము. ధర్మవరం చెరువులో శీతస్పర్శ, శుక్లరూపం, మధురరసం, సాంసిద్ధికద్రవత్వం అన్నీ కలిగి, నిర్మాణంలో మాత్రం భిన్నమైన ద్రవమున్న లోకాన్ని ఊహించండి. అది జలమా? 1975లో పట్నం ఇటువంటి ద్రవాన్నే కల్పించి, కాదన్నాడు. అది కాదన్నచో మన లక్షణానికి అతివ్యాప్తి కలుగుతుంది. కాని నైయాయికుడు దీనికి కలవరపడనక్కరలేదు. లక్షణప్రయోజనం ఇతరవ్యావృత్తి; ఉన్న లోకంలో జలాన్ని పృథివ్యాదుల నుండి వేరుపరిస్తే దాని పని తీరింది. వాచ్యాన్ని గుర్తించే సాధనం ఒకటి, వాచ్యం యొక్క స్వరూపం మరొకటి.

మన ఆచార్యులు జలపదాన్ని స్థిరంగానే వాడినారనుటకు వడగండ్ల చర్చ సాక్ష్యం. వడగల్లు కఠినం, ద్రవత్వం కనిపించదు. అయినా ముక్తావళీకారుడు దానిని పృథివిలో చేర్చలేదు. ఉష్ణంతో కరిగి నీరగుట ప్రత్యక్షం గనుక అది జలమే. ద్రవత్వానికి అదృష్టవశాన ప్రతిబంధం కలిగినది. కాఠిన్యప్రత్యయం భ్రాంతి అన్నాడు. వేడినీటి ఉష్ణస్పర్శను కూడ తేజస్సంయోగానికే విడిచినారు. అనగా పైకి కనిపించే గుణం తొలగినా జలం జలమే. కాఠిన్యం భ్రాంతి అన్న వివరణ నేడు నిలువదు. మంచులో అణువుల అమరిక వల్ల కాఠిన్యం నిజంగానే ఉన్నది. కాని గుణం మారినా ద్రవ్యం మారలేదన్న నిర్ణయం మాత్రం నిలిచింది.

దీనికొక హద్దు కలదు. హిందూపురం ప్రాంతపు గొట్టపుబావి నీటిలో లవణాలున్నా అది నీరే. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే త్రాగుటకు పనికిరాకపోవచ్చు గాని నీరు కాకపోదు. మజ్జిగలో అధికభాగం H₂O అయినా దానిని ఎవరూ నీరనరు. లోకవ్యవహారం ప్రయోజనాన్ని కూడ చూస్తుంది. కనుక అవశ్యసత్యం ద్రవ్యవిషయకమే గాని ప్రతి పాత్రలోని ద్రవాన్ని గూర్చినది కాదు.

"అప్పు వేరు, నీరు వేరు" అన్నచో పూర్వులు మరొక వస్తువును గూర్చి మాట్లాడినారని ఒప్పుకొన్నట్లే. అప్పుడు వారి మాట ఒప్పూ కాదు, తప్పూ కాదు. వారితో వాదమే సంభవింపదు. వారు చెప్పినది పెన్నలో పారే ఈ నీటినే అన్నచో, నిరవయవమైన జలపరమాణువు నిత్యమన్న సిద్ధాంతం తప్పింది, వడగండ్ల నిర్ణయం నెగ్గింది అని స్పష్టంగా చెప్పవచ్చును. శాస్త్రాన్ని విమర్శకు అందకుండ దాచుటకంటె, ఒక అంశంలో ఓడినా వాదంలో నిలుపుటయే శాస్త్రగౌరవమని నా మనవి.