సైకిలుకు చమురు, మనిషికి అరటిపండు

పిల్లలూ, సోమందేపల్లెలో పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఒక ఆదివారంనాడు లేపాక్షి బసవన్నను చూసి రావాలని తెల్లవారకముందే సైకిలెక్కాడు. హిందూపురం మీదుగా పోయి రావడమంటే ఇంచుమించు 80 కిలోమీటర్లు. బయలుదేరేముందు రాగి సంగటి తిన్నాడు, సీసానిండా మంచినీళ్లు పట్టుకున్నాడు. అంతే. పోయేటప్పుడు గాలిలో తేలిపోయాడు. తిరిగివచ్చేటప్పుడు హిందూపురం దాటగానే కాళ్లు సీసపు ముద్దలైనాయి. చేతులు వణికాయి, చల్లని చెమట పోసింది, ఊరికే కోపం వచ్చింది. సైకిలును చింతచెట్టుకు ఆనించి కూర్చున్నాడు. సీసాలో నీళ్లింకా ఉన్నాయి. మరి లోటు దేనిది?

మనం తిన్న సంగటి, అన్నం, చక్కెర అన్నీ పిండిపదార్థాలే. వాటిని శరీరం కండరాలలోనూ, కాలేయంలోనూ గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఈ నిలువ మొత్తం అర కిలోకు అటూ ఇటూ ఉంటుంది. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటలలో గాదె అడుగు కనబడుతుంది. ఒంట్లో కొవ్వు చాలా ఉంటుంది గాని, అది నిదానంగా మండే కట్టె వంటిది. దానితో వేగంగా పోలేము. మన కుర్రవాడికి జరిగింది ఇదే.

అయితే గాదె నింపడానికి ఒక్కసారిగా తినేస్తే సరిపోదా? సరిపోదు. పేగులో గ్లూకోజు లోపలికి పోవడానికి ఒక తలుపున్నది. దానిలో గంటకు 60 గ్రాములకంటే పెద్దగా పట్టదు. మిగిలినది పేగులోనే ఉండి నీటిని లాక్కుంటుంది. అప్పుడు కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు కూడా కావచ్చు. పండ్లలో ఉండే ఫ్రక్టోజుకు వేరే తలుపు ఉన్నది. అందుకే కడుపును అలవాటు చేసుకున్న పందెగాళ్లు రెండూ కలిపి గంటకు 90 గ్రాముల దాకా తీసుకుంటారు. అది మనకెందుకు? రెండు మూడు గంటల సవారీకి గంటకు 30 నుంచి 60 గ్రాములు చాలు. ఇవి పెద్దవాళ్ల లెక్కలు. చిన్నవాళ్లు తక్కువ కొసనుంచే మొదలుపెట్టాలి. గంటలోపు తొక్కేవారికి మంచినీళ్లు తప్ప మరేమీ అక్కరలేదు.

కుర్రవాడు మరుసటి నెల మళ్లీ బయలుదేరాడు. ఈసారి గంటకు 40 గ్రాములని లెక్క వేసుకున్నాడు. లీటరు నీళ్లలో 60 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ పిండాడు. అందులో గంటకు అర లీటరు తాగితే 30 గ్రాములు వచ్చినట్టే. తక్కిన 10 గ్రాములకు అర అరటిపండు, లేదా రెండు మామూలు ఖర్జూరాలు. రెండో సీసాలో ఉత్తి నీళ్లు. నాలుగు గంటలకు లీటరు చాలదు గనుక, ఇంకో 60 గ్రాముల చక్కెరనూ ఉప్పునూ పొట్లం కట్టుకుని, లేపాక్షిలో నీళ్లు పోసి కలుపుకున్నాడు. చక్కెరకు బదులు బెల్లం, శొంఠి వేసి శ్రీరామనవమి పానకంలా చేసుకున్నా బాగుంటుంది. కాని మన ఎండకు అది త్వరగా పులుస్తుంది. రాత్రి కలిపి ఉంచకండి, పొద్దున కలపండి.

అరటిపండు మీద నల్లమచ్చలు పడి ఉండాలి. పచ్చిది అయితే అందులో పిండి ఇంకా చక్కెరగా మారలేదన్నమాట, కడుపులో బరువుగా కూర్చుంటుంది. ఖర్జూరాలు జేబులో చిదిగిపోవు, కాని పీచు ఎక్కువ గనుక గుప్పెళ్లకొద్దీ తినకూడదు.

2012లో అమెరికాలోని అప్పలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 14 మంది సైకిలు పందెగాళ్ల చేత 75 కిలోమీటర్లు తొక్కించి చూశారు. ఒకసారి పదిహేను నిమిషాలకోసారి అరటిపండు, నీళ్లు. ఇంకోసారి కొని తెచ్చిన తీపి పానీయం ఇచ్చారు. వేగంలో తేడా లేదట! అరటిపండు తిన్నప్పుడు మాత్రం కడుపు నిండుగా, ఉబ్బరంగా అనిపించిందన్నారు. అందుకనే మనవాడు పండును సగం సగం చేసుకున్నాడు.

మొదటి ముక్క ఎప్పుడు తిన్నాడో తెలుసా? బయలుదేరిన అరగంటకే, ఆకలి లేకుండానే. చేతులు వణికేదాకా ఆగితే, తిన్నది రక్తంలోకి చేరేదాకా రోడ్డు పక్కనే కూర్చోవాలి. హిందూపురం దగ్గర కడుపులో నీళ్లు గడగడమన్నాయి. పానీయం ఎక్కువైందని తెలుసుకుని, కాసేపు ఉత్తి నీళ్లే గుక్కగుక్కగా తాగుతూ మెల్లగా తొక్కాడు. పది నిమిషాలకు సర్దుకుంది. తిరిగి వచ్చేటప్పుడు చింతచెట్టు దగ్గర ఆగనే లేదు. ఇంటికి చేరేసరికి జేబులో మూడు ఖర్జూరాలు మిగిలాయి, వాటిని చెల్లెలు తినేసింది.