మందు కొట్టిన రైతా, పెట్టెలోని నల్లా?

పొద్దుతిరుగుడు పూత అయిపోయే రోజుల్లో ఏటా ఒకే తగాదా మన సంఘం ముందుకు వస్తోంది. తేనె పెట్టెలు పెట్టినవారు, పక్క చేను రైతు మందు కొట్టినందుకే ఈగలు పోయాయంటారు. తాను కొట్టింది సాయంత్రం పూటేనని, అప్పటికి ఈగలు పెట్టెల్లోకి చేరిపోయాయని చేను రైతు అంటాడు. ఇద్దరూ మన సభ్యులే. పెట్టె తెరిస్తే అడుగు పలక మీద మైనపు పురుగు వల అల్లుకుని ఉంటుంది. ఇద్దరినీ సమాధానపరచడానికి నేరం ఆ పురుగు మీదకు తోసేస్తుంటాం.

మేము చూసినంత వరకు ఈ తగాదాల్లో చాలా వాటికి మందూ కారణం కాదు, మైనపు పురుగూ కారణం కాదు. బలమైన కుటుంబంలో మైనపు పురుగు నిలవలేదు, ఈగలే దాన్ని లాగి బయట పారేస్తాయి. ఈగలు కాపు కాయలేనంత పలచబడ్డాకే అది పట్టులోకి దిగుతుంది. ఈగలను అలా పలచబరిచింది ఏదన్నదే తేల్చాలి. ఇటాలియన్ తేనెటీగల పెట్టెల్లో ముందుగా అనుమానించాల్సింది వరోవా నల్లిని.

మందు దెబ్బకు, నల్లి దెబ్బకు తేడా పెట్టె దగ్గరే తెలుస్తుంది. మందు దెబ్బ ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. గుమ్మం ముందు చచ్చిన ఈగలు గుప్పెళ్ల కొద్దీ పడి ఉంటాయి, కొన్ని నాలుక బయట పెట్టి గిలగిలా తిరుగుతుంటాయి. ఆ తోటలో ఉన్న పెట్టెలన్నిటికీ దాదాపు ఒకేసారి తగులుతుంది. నల్లి దెబ్బ నెలల తరబడి సాగుతుంది. చచ్చిన ఈగల కుప్ప కనిపించదు, ఈగలు తగ్గిపోతుంటాయి అంతే. రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేని పిల్ల ఈగలు పెట్టె ముందు నేల మీద పాకుతుంటాయి. మూత వేసిన పిల్ల అరలు చెదురుమదురుగా ఉంటాయి, కొన్ని మూతలకు చిల్లులుంటాయి. చివరికి పెట్టెలో రాణి, గుప్పెడు ఈగలు, కదల్చని తేనె మిగులుతాయి. ఇది చూశాక కూడా పక్క చేను రైతు మీద పంచాయతీ పెట్టడం న్యాయం కాదు.

వరోవా నల్లి మిరపలో మనం చూసే నల్లి కన్నా పెద్దది. ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు వెడల్పుతో, ఎర్రటి గోధుమ రంగులో, బోర్లించిన పీతలా ఉంటుంది. కంటికి ఆనుతుంది. అయినా పెట్టె తెరిచినప్పుడు కనబడదు, ఎందుకంటే ఈగ పొట్ట కింద పొలుసుల మధ్య దూరి అక్కడి కొవ్వు కణజాలాన్ని తింటుంది. ఈగ ఒంట్లో ఆహార నిల్వ, రోగాన్ని తట్టుకునే శక్తి ఉండేది అక్కడే. రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను ఒక ఈగ నుంచి ఇంకో ఈగకు మోసేది కూడా ఈ నల్లే.

దాని సంతానమంతా మూత వేసిన అరల్లోనే. కూలీ ఈగ పిల్ల అరకు మూత పడే ముందు తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. మూత పడ్డ 12 రోజుల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచి, పుట్టిన ఈగతో పాటే బయటికి వస్తుంది. పోతుటీగ అరకు మూత ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటుంది కాబట్టి నల్లికి అవంటే మరీ ఇష్టం. మన పుట్ట తేనెటీగ దీనికి పాత ఆతిథ్యమే. దానిలో నల్లి దాదాపు పోతుటీగ అరల్లోనే పిల్లల్ని పెడుతుంది, కూలీ ఈగలు ఒకదాన్నొకటి దులుపుకుంటాయి కూడా. అందుకే అక్కడ నష్టం తక్కువ. ఇటాలియన్ ఈగకు ఆ అలవాటు అంతగా లేదు. దక్షిణాదిలో 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ పుట్ట తేనెటీగలను ఊడ్చేశాక చాలామంది ఇటాలియన్ ఈగ వైపు మళ్లారు. ఒక జబ్బు నుంచి తప్పించుకుని ఇంకో జబ్బు ఉన్న ఇంట్లో దిగినట్టయింది.

లెక్క కట్టకుండా దీన్ని పట్టుకోలేం. లెక్క కట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వెడల్పు మూతి ఉన్న సీసా మూతను కోసి, నల్లి జారేంత, ఈగ రానంత సందున్న జల్లెడ బిగించాలి. పిల్లలున్న ఫ్రేము ఒకటి తీసి, దాని మీద రాణి లేదని రెండుసార్లు చూసుకున్నాక, అర కప్పు ఈగల్ని, అంటే సుమారు 300, సీసాలోకి దులపాలి. రెండు చెంచాల పంచదార పొడి జల్లెడ గుండా వేసి, ఈగలన్నిటికీ అంటేలా సీసాను దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచాలి. తర్వాత తెల్ల పళ్లెం మీద బోర్లించి నిమిషం పాటు గట్టిగా ఊపితే పొడితో పాటు నల్లులు రాలతాయి. నాలుగు చుక్కల నీళ్లు చల్లితే పంచదార కరిగి నల్లులు తేలతాయి. ఈగల్ని పెట్టెలోకి వదిలేయొచ్చు, అవే దులుపుకుంటాయి. 300 ఈగలకు 9 నల్లులు దాటితే ఆలస్యం చేయకూడదని చాలాచోట్ల పాటించే గుర్తు. మా దృష్టిలో పూతకు ముందైతే 6 వచ్చినా ఊరుకోకూడదు. ఎందుకో ఒక పెట్టె లెక్కలో చూద్దాం.

నవంబరులో ఎనిమిది ఫ్రేముల పెట్టె, ఈగలు 16 వేలు అనుకుందాం. సీసాలో 6 నల్లులు రాలాయి, అంటే నూటికి 2. ఈగల మీద ఉన్నవి 320. పిల్లలు బాగా ఉన్న రోజుల్లో అంతకు రెట్టింపు మూతల కింద ఉంటాయి. మొత్తం వెయ్యికి దగ్గర. పిల్లలు పెరిగే కాలంలో నల్లులు సుమారు నెలకొకసారి రెట్టింపవుతాయని పట్టుకుంటే జనవరికి నాలుగు వేలవుతాయి. అప్పుడు పొద్దుతిరుగుడు పూత మీద ఈగలూ ఎక్కువే కాబట్టి పెట్టె కళకళలాడుతూనే కనిపిస్తుంది. పూత అయిపోయింది, ఎండ మొదలైంది, రాణి గుడ్లు తగ్గించింది. దూరడానికి అరల్లేక నల్లులన్నీ ఉన్న ఈగల మీదకే వస్తాయి. ఈగలు పది వేలకు దిగాయనుకుంటే మూడు ఈగల్లో ఒకదానికి నల్లి ఉన్నట్టే. జనవరిలో తేనె ఇచ్చిన పెట్టె మార్చిలో ఖాళీ అవ్వడానికి ఇదే కారణం. ప్రతి పెట్టెలో అంకెలు ఇలాగే నడవవు కానీ నడక ఇదే.

మందు విషయంలో మన ఎండను లెక్కలోకి తీసుకోవాలి. ఫార్మిక్ యాసిడ్ ఆవిరి ఒక్కటే మూత కింద ఉన్న నల్లిని కూడా చంపుతుంది. 85 శాతం ఆమ్లం 5 మిల్లీలీటర్లు చిన్న గాజు సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, అడుగు పలక మూలన ఉంచాలి. రెండు వారాల పాటు రోజూ సాయంత్రం నింపాలి. పగలు 30 డిగ్రీలు దాటే రోజుల్లో ఆవిరి ఒక్కసారిగా లేచి పిల్లలు చస్తాయి, రాణి కూడా పోవచ్చు. కాబట్టి మనకు పనికొచ్చేది నవంబరు చివర నుంచి, పూత తేనె మొదలయ్యే లోపే. నాలుగు ఫ్రేములైనా నిండని బలహీన కుటుంబానికి పెట్టకండి, ముందు కలపండి. చేతికి తొడుగు, కళ్లకు అద్దం తప్పనిసరి, గాలికి ఎదురు నిలబడకూడదు.

వేసవి, తొలకరి రోజుల్లో దీన్ని వాడలేం. అప్పుడు రాణిని సన్న తీగల పంజరంలో 24 రోజులు బంధించడమే మార్గం. ఈగలు దానికి మేత అందిస్తూనే ఉంటాయి. 24 రోజులకు పోతుటీగతో సహా పిల్లలన్నీ పుట్టేస్తాయి, మూత అర అంటూ ఉండదు, నల్లులన్నీ బయటపడతాయి. అప్పుడు పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం ఒక లీటరులో 35 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కరిగించి, ఈగలున్న రెండు ఫ్రేముల మధ్య సందుకు 5 మిల్లీలీటర్ల చొప్పున సిరంజితో పోయాలి. మొత్తం 50 దాటకూడదు. మూతలున్నప్పుడు ఇది పోస్తే శ్రమ వృథా, వెంట వెంటనే పోస్తే ఈగలకే హాని.

ఈ రాణి బంధనం ఇంకో నల్లికి కూడా మందే. ట్రోపిలేలాప్స్ అనే చిన్న నల్లి కొండ తేనెటీగల నుంచి మన పెట్టెలకు వస్తుంది. సన్నగా పొడుగ్గా ఉండి పట్టు మీద చురుగ్గా పరుగెత్తుతుంది. ఇది పెద్ద ఈగను కొరికి తినలేదు, పిల్లలు లేకపోతే కొద్ది రోజుల్లోనే చస్తుంది. ఈగ మీద ఎక్కువ సేపు ఉండదు కాబట్టి సీసా పరీక్షలో చిక్కదు. పిల్లల ఫ్రేమును తెల్ల పళ్లెం అంచుకు గట్టిగా తట్టి చూడాలి.

ఇక చెప్పక తప్పనిది ఒకటుంది. పొలానికి కొట్టే మందును చెక్కపుల్లకు అద్ది పెట్టెలో వేలాడదీయడం కొన్నిచోట్ల అలవాటైంది. మొదటి ఏడాది నల్లులు రాలతాయి. ఆ మందు మైనంలో ఇంకి ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నల్లి తట్టుకోవడం నేర్చుకుంటుంది. మందుల అవశేషాల వల్ల 2010లో ఐరోపా దేశాలు మన తేనెను ఆపేశాయి, ఏడాది దాకా తలుపు తెరవలేదు. తేనె కొనేవాడు గుర్తు చేసుకునేది పుల్ల పెట్టినవాణ్ణి కాదు, మన జిల్లా పేరును.

రైతులు చేయాల్సింది ఇది. ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ కింద 2020లో మూడేళ్లకు 500 కోట్లు కేటాయించారు, తర్వాత పొడిగించారు. అందులో తేనెటీగల వ్యాధి నిర్ధారణ కేంద్రాల మాట కూడా ఉంది. మన సభ్యులకు అందింది మాత్రం ఎక్కువగా పెట్టెలే. రాయితీ పెట్టె ఇచ్చేటప్పుడు అందులోని 300 ఈగలకు ఎన్ని నల్లులున్నాయో రాసిన కాగితం కూడా ఇవ్వాలని మేము అడుగుతున్నాం. నల్లులున్న కుటుంబాన్ని రాయితీ మీద ఊళ్లోకి దింపితే చుట్టూ ఉన్న పెట్టెలన్నిటికీ అదే గతి పడుతుంది. బలహీనపడ్డ పెట్టెను దోచుకోవడానికి పక్క పెట్టెల ఈగలు వచ్చి తేనెతో పాటు నల్లినీ మోసుకుపోతాయి. అందుకే ఒక తోటలో పెట్టెలన్నిటికీ ఒకే వారంలో మందు పెట్టాలి, ముగిసిన రెండు వారాలకు మళ్లీ సీసా ఊపి చూడాలి. అప్పటికీ ఐదారు రాలుతుంటే మందు సరిగా ఆవిరి కాలేదు, లేదా పక్కవారి పెట్టెల నుంచి నల్లి వస్తోంది.

ఈ సీజన్ నుంచి పెట్టెలు పోయాయన్న ఫిర్యాదు మన సంఘానికి తెచ్చేవారు పెట్టె నంబరు, సీసా లెక్క, తేదీ, ఏ మందు ఎప్పుడు పెట్టారు అన్నవి రాసిన పుస్తకం వెంట తేవాలి. చేను రైతు కూడా ఏ రోజు, ఏ వేళ, ఏ మందు కొట్టాడో రాసి తేవాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే పంచాయతీ మొదలవుతుంది.