పిల్లల పాఠాలకు తాళం వేసి చందా వసూలు చేయడం గురించి



వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన రానుంది. మన పిల్లల తెలుగు తరగతుల వీడియోలను యూట్యూబ్‌లో నెలనెలా డబ్బు కట్టే సభ్యులకు మాత్రమే కనిపించేటట్టు పెడదాం, ఆ వచ్చే డబ్బుతో పంతులమ్మకు జీతం ఇద్దాం అని. కుర్రవాళ్లు మంచి మనసుతోనే తెచ్చారు. కానీ దీనికి మేము ఒప్పుకోలేకపోతున్నాము. ఎందుకో ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకున్నాము. తప్పులుంటే సర్దుకోండి.

టికెట్ల కౌంటరులో చాలా ఏళ్లు కూర్చున్నాము. బండి రద్దయితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మొత్తం ఛార్జీ తిరిగి ఇస్తారు. కౌంటరులో కొన్న టికెట్టు అయితే టికెట్టు తెచ్చి చూపించాలి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఏ ఖాతానుంచి డబ్బు వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి పోతుంది. ప్రయాణం చేయవలసిన మనిషి ఎవరైనా సరే, డబ్బు మాత్రం కట్టినవాడికే పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాము.

ఇప్పుడు యూట్యూబ్ సభ్యత్వం లెక్క చూద్దాం. సభ్యుడు నెలకు 118 రూపాయలు కట్టాడనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ పోతే 100 మిగులుతుంది. ఆ నూటిలో ఛానెల్ వాటా 70 శాతం, అంటే 70 రూపాయలు. మిగిలిన 30 యూట్యూబ్‌ది. ఐఫోన్ నుంచి చేరితే ఆపిల్ కమీషన్ కూడా ముందే పోతుంది. మనకు 40 మంది చేరితే నెలకు 2,800 రూపాయలు. అయితే ఈ డబ్బు నెలనెలా చేతికి రాదు. ఖాతాలో 100 డాలర్లు చేరేదాకా పంపరు. నేటి లెక్కలో అది ఎనిమిది వేల రూపాయల పైమాటే. అంటే మూడు నాలుగు నెలలకు ఒకసారి చేతికి వస్తుంది. పంతులమ్మకు మాత్రం ఒకటో తేదీ జీతం కావాలి.

ఇది చిన్న ఇబ్బంది. అసలు ఇబ్బంది వేరే ఉంది.

అమెరికాలో పిల్లల సమాచారం సేకరించే విషయంలో ఒక చట్టం ఉంది. దాని కింద 2019లో గూగుల్, యూట్యూబ్ సంస్థలు 170 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ తరువాత, 2020 జనవరి నుంచి, ప్రతి ఛానెల్‌వారూ తమ వీడియోలు పిల్లల కోసం చేసినవా కావా అని చెప్పి తీరాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు "Yes, it's made for kids" అని ఒక గడి వస్తుంది, చూసే ఉంటారు. ఛానెల్ మొత్తం పిల్లలదని గుర్తిస్తే ఆ ఛానెల్‌కు డబ్బు కట్టే సభ్యత్వమే ఉండదు. గంట బొమ్మ నొక్కితే కబురు వచ్చే ఏర్పాటు కూడా ఉండదు. గుర్తు మనం పెట్టకపోయినా యూట్యూబ్ తనంతట తాను పెట్టవచ్చు. ఇది మన దేశపు చట్టం కాకపోయినా, యూట్యూబ్ ఈ పద్ధతిని అన్ని దేశాలలోనూ పాటిస్తుంది. మదురైలో కూర్చుని అ ఆ ఇ ఈ చెప్పినా అదే పద్ధతి.

మన వీడియోలు ఏమిటి? అక్షరాలు, గుణింతాలు, బొమ్మలు చూపించి కాకి, కోతి అని పలికించడం. ఐదేళ్ల పిల్లలు, ఏడేళ్ల పిల్లలు. ఇవి పిల్లలవి కాకపోతే ఇంకెవరివి?

మొన్న ఒక తమ్ముడు ఫోనులో అన్నాడు, "మామా, పిల్లలవి కావని గుర్తు పెడితే సరిపోతుంది కదా, ఎవరు చూస్తారు?" అని. మాకు మనసుకు కష్టం వేసింది. సంఘం పేరుమీద అబద్ధపు గుర్తు పెట్టమంటున్నావు, అది కూడా పిల్లలకు సంబంధించిన రక్షణ తప్పించుకోవడానికి. పోనీ ధర్మం సంగతి పక్కన పెట్టు, ఆ గుర్తు నిలవదు. నిలవనప్పుడు దెబ్బ తగిలేది నీకు కాదు, నమ్మి డబ్బు కట్టిన సభ్యులకు. అమ్మానాన్నలకు ఇంట్లో తెలుగు ఎలా నేర్పాలో చెప్పే వీడియోలయితే అది వేరు. వాటిని పెద్దల వీడియోలని నిజంగానే చెప్పవచ్చు. కానీ మన దగ్గర అలాంటివి ఇప్పటికి ఒక్కటీ లేదు.

సరే, ఆపేశారనుకోండి. అప్పుడు డబ్బు ఏమవుతుంది?

మొదట సభ్యత్వం ఒక్కసారిగా రద్దు కాదు, నిలుపుదలలో పెడతారు. ఆ సమయంలో సభ్యులకు వీడియోలు తెరుచుకోవు. కొత్తగా డబ్బు కూడా తీసుకోరు. ఈ నిలుపుదల 120 రోజుల వరకు ఉండవచ్చు. ఆలోపల సరిచేసుకోకపోతే సభ్యత్వాలన్నీ రద్దు. నియమాలు మీరినందుకు తీసేసినప్పుడు సభ్యులకు డబ్బు తిరిగి ఇచ్చే అవకాశం ఉంది. అలా ఇస్తే అందులో ఛానెల్ వాటాను ఛానెల్ దగ్గరనుంచే కోసుకుంటారు. అంటే మనం పంతులమ్మకు ఇచ్చేసిన 70 రూపాయలు మళ్లీ మన లెక్కలోనుంచి పోతాయి. సభ్యుడు తనంతట తాను మానుకుంటే మాత్రం ఆ నెల గడువు ముగిసేదాకా చూడవచ్చు, మిగిలిన రోజులకు డబ్బు రాదు. ఎలా చూసినా, రెండేళ్లుగా కట్టిన నెలలన్నీ తిరిగి వస్తాయని ఎవరూ అనుకోవద్దు. అవి వాడుకున్న నెలలుగానే లెక్క.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వీడియో ఆగింది కనుక బ్యాంకు అనుమతి కూడా ఆగిందని అనుకుంటారు. అవి రెండూ వేరు వేరు. నెలనెలా డబ్బు తీసుకోవడానికి మీరు కార్డుమీదో యూపీఐ ఆటోపే మీదో ఒక అనుమతి ఇచ్చి ఉంటారు. దాన్ని మీరు రద్దు చేయకపోతే అది అక్కడే పడి ఉండవచ్చు. నిలుపుదల తీసేసిన రోజు వసూలు మళ్లీ మొదలవుతుంది. ఈలోగా మీ పిల్లవాడు తరగతి మానేసి ఉండవచ్చు, మీకు ఆ సంగతే గుర్తుండదు. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు నుంచి ఒక మంచి పని చేసింది. ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ముందు బ్యాంకు మీకు కబురు పంపాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి కూడా చూపాలి. ఇంత చిన్న మొత్తాలకు ఓటీపీ అడగరు కనుక ఆ కబురే మీకు కాపలా. రోజూ వచ్చే ప్రకటనల మెసేజీలతో కలిపి దాన్ని తుడిచేయవద్దు. ఇప్పుడే ఫోనులో యూపీఐ యాప్ తెరిచి ఆటోపే జాబితా చూడండి. మా జాబితాలో మేము మరిచిపోయినవి రెండు దొరికాయి, సిగ్గుగానే చెబుతున్నాము.

ఇక కట్టినవాడికే డబ్బు అన్న మాటకు వస్తాము. హోసూరులో ఉన్న మా చెల్లెలు ఒక వేదికలో నెల చందా కట్టి కీర్తనల తరగతి వినేది. వేదిక పేరు ఇక్కడ అనవసరం. ఒకనాడు తరగతి ఆగిపోయింది. డబ్బు రాలేదని చెల్లెలు మూడు నెలలు ఆ పాటల టీచరుతో మాట్లాడలేదు. తీరా చూస్తే చందా కట్టింది మస్కట్‌లో ఉన్న మేనల్లుడి కార్డునుంచి. డబ్బు వారంలోనే వాడి కార్డుకు పోయింది, వాడు చూసుకోలేదు. టీచరమ్మకు ఇందులో ఏమీ తెలియదు. ఎవరు కట్టారో, ఎవరికి తిరిగి పోయిందో ఆమెకు కనిపించదు కదా. మన సంఘంలో సగం ఇళ్లలో పిల్లవాడు ఇక్కడ, డబ్బు కట్టే మామయ్యో బాబాయో బెంగుళూరులోనో గల్ఫ్‌లోనో. ఐఫోన్‌లోనుంచి కట్టి ఉంటే డబ్బు కోసం అడగవలసింది ఆపిల్‌ను. రేపు మన తరగతి ఆగితే ఈ ఇళ్లన్నీ మన కోశాధికారిగారికి ఫోను చేస్తాయి. ఆయన ఏం చూసి జవాబు చెబుతారు?

ఆయన దగ్గర పట్టిక కూడా ఉండదు. యూట్యూబ్ సభ్యుల పేర్లు చూపిస్తుంది, వాళ్లు ఏ పేరు పెట్టుకుంటే ఆ పేరు. ఫోను నంబరు, ఈమెయిలు ఇవ్వదు. ట్విట్టర్ చేతిలో రెవ్యూ అని ఒక చందా ఉత్తరాల వేదిక ఉండేది. 2023 జనవరి 18న దాన్ని మూసేశారు. మూసేవారు కూడా కొంచెం మర్యాదగా మూశారు. దాదాపు నెల ముందునుంచే చందాలు గడువు తీరగానే ఆగిపోయేటట్టు పెట్టారు, రాసేవాళ్లు తమ చందాదారుల ఈమెయిలు పట్టిక దింపుకోవడానికి ఆ తేదీదాకా సమయం ఇచ్చారు. పట్టిక ఉన్నవాళ్లు మరో చోట కొట్టు తెరిచారు. మనకయితే ఆ పట్టిక మొదటి రోజునుంచీ ఉండదు.

ఇంకొక చిన్న సంగతి. ఆరు నెలలు ఏమీ పెట్టకుండా ఊరుకున్న ఛానెల్‌కు డబ్బు సంపాదించే హక్కును యూట్యూబ్ తీసేయవచ్చు. మన ఛానెల్‌లో ఉగాదికి ఒకటి, సంక్రాంతికి ఒకటి. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాటే.

మరి పంతులమ్మ జీతం? అది నిజమైన కష్టం, కాదనము. బడిలో తెలుగు అందని పిల్లలకు ఆమె తప్ప దిక్కు లేదు. మేము చెప్పేది ఇది. తరగతి చందా సంఘం ఖాతాకే రావాలి. సంఘం రిజిస్టరైనది, పాన్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. కోశాధికారి రసీదు పుస్తకంలో పిల్లవాడి పేరు, కట్టినవారి పేరు, ఫోను నంబరు, ఏ నెలకు అన్నది రాయాలి. 40 ఇళ్లు నూరు రూపాయలు ఇస్తే 4,000, మధ్యలో 30 శాతం ఎవరికీ పోదు. వీడియోలు అందరికీ తెరిచే ఉంచుదాం, పిల్లలవని గుర్తు పెట్టే ఉంచుదాం. చందా కట్టేది వీడియో చూడడానికి కాదు, శనివారం పంతులమ్మ దగ్గర కూర్చుని చదవడానికి. ఆ తరగతి ఏదైనా నెల జరగకపోతే ఏం చేయాలో కూడా రసీదు వెనుక ఒక వరుస అచ్చు వేద్దాం: సగంకంటె తక్కువ వారాలు జరిగితే ఆ నెల చందా మరుసటి నెలకు జమ. వీడియోల అసలు ప్రతులు సంఘం హార్డు డిస్కులో ఒకటి, కార్యదర్శిగారింట్లో ఒకటి.

పెద్దల కోసం ఎవరైనా తెలుగు వంటలో, మన ఊళ్ల చరిత్రో వీడియోలు చేసి సభ్యత్వం పెడతామంటే మాకు అభ్యంతరం లేదు. దానికి వేరే ఛానెల్, వేరే లెక్క ఉండాలి. సంఘం సభ్యత్వం అన్న మాట దానిమీద రాయకూడదు.

సమావేశం సాయంత్రం ఐదు గంటలకు. మా మాటకు ఒప్పుకోనివారు తప్పక రండి, లెక్క కాగితం మీద వేసి చూద్దాం. రసీదు పుస్తకం అచ్చుకు ధర కనుక్కుని వస్తాము.