లిఫ్టు ముందు నిలబడ్డ మనిషి

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మీమ్ వచ్చింది. లిఫ్టు ముందు బటన్ నొక్కకుండా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. కింద 'సిక్కోలు నుంచి ఇప్పుడే దిగాడు' అని రాత. నేనూ నవ్వాను.

తర్వాత ఎందుకో సిక్కోలు తీసేసి గుంటూరు పెట్టి చదివాను. నవ్వు రాలేదు. అసలు ఊరి పేరే లేకుండా చూస్తే మళ్ళీ వచ్చింది, మొదటిసారి లిఫ్టెక్కిన మా నాన్న గుర్తొచ్చి. అంటే బొమ్మ నవ్వించేది లిఫ్టు మీద, రాత నవ్వించేది శ్రీకాకుళం మీద. సినిమాల్లో వాచ్‌మన్‌కీ పనివాళ్ళకీ ఆ యాస పెట్టీ పెట్టీ మన చెవులకి అలవాటు చేశారు కదా.

మాది గుంటూరే లెండి, అందుకే నాకు వెంటనే తగల్లేదు. మా తోటికోడలిది టెక్కలి. అందరికంటే ముందు నవ్వు బొమ్మ పెట్టింది తనే. ఆ సాయంత్రం వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, నేను వంటింట్లోకి రాగానే యాస మార్చేసింది.